సిఫారసు లేఖ రాద్దాం – మూడో పాఠం: హాజరు తగ్గిన నెల గురించి ఏం రాయాలి?

గత పాఠంలో లేఖ మొదటి పేరా రాశాం: విద్యార్థి పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా, మీరు ఎన్నేళ్లు ఏ సబ్జెక్టు చెప్పారో. ఈసారి రెండో పేరా. లేఖ మొత్తానికి బరువు ఇక్కడే ఉంటుంది. చాలామంది క్లాస్ టీచర్లు తడబడేదీ ఇక్కడే.

గుంటూరు జిల్లాలో మిర్చి పండే ఊళ్ల బడుల్లో ఇది ఏటా ఎదురయ్యే చిక్కు. సంక్రాంతి దాటాక కోతలు ఊపందుకుంటాయి. తర్వాత కల్లాల్లో కాయలు ఆరబెట్టడం, తాలు కాయలు ఏరడం. తల్లి కూలికి వెళ్తే పిల్లలూ వెంట వెళ్తారు, లేదా ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటారు. ఫిబ్రవరి హాజరు పట్టీలో వరుసగా ఆబ్సెంట్లు పడతాయి. ఆ పిల్లే జూన్‌లో మెరిట్ స్కాలర్‌షిప్ ఫారం పట్టుకుని, 'మేడమ్, లెటర్ కావాలండి' అని వస్తుంది.

మనకు తోచే మొదటి ఉపాయం ఆ సంగతి ఎత్తకుండా 'క్రమం తప్పక బడికి వచ్చును' అని రాసేయడం. నేనూ ఒకసారి అలాగే రాశాను. స్కాలర్‌షిప్ ఇచ్చేవాళ్లు హాజరు వివరాలు అడిగి తెప్పించుకున్నారు. నా మాట ఒకటి, రిజిస్టర్ మాట ఒకటి. హెడ్ మాస్టరు గారి ముందు నేను తలదించుకోవడం అటుంచి, ఆ పిల్లవాడి మార్కులనూ అనుమానంగా చూశారు.

కాబట్టి రిజిస్టర్ ముందు పెట్టుకోండి. మన అభ్యాసం కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. ప్రత్తిపాడు వైపు ఊరి అమ్మాయి. తొమ్మిదో తరగతి ఫిబ్రవరిలో 23 పనిదినాలకు 13 రోజులే వచ్చింది. పదో తరగతి ఫిబ్రవరిలో 22కి 21 రోజులు. పబ్లిక్ పరీక్షల్లో 600కి 531. ఒక కొత్త టీచరు తెచ్చిన చిత్తుప్రతి ఇలా ఉంది:

'ఈ విద్యార్థిని చాలా తెలివైనది, క్రమశిక్షణ గలది, కష్టజీవి. పేద కుటుంబమునకు చెందినది. ఉజ్వల భవిష్యత్తు కలదు.'

పేరు మార్చి తరగతిలో ఇంకో పదిమందికి ఇవ్వొచ్చు దీన్ని. ఇస్తారు కూడా! ఒకే బడి నుంచి నాలుగు దరఖాస్తులు వెళ్తే నాలుగు లేఖలూ ఒకటేనని చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

'కష్టజీవి అని మీకెలా తెలిసిందమ్మా?' అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, 'రాని రోజు పాఠం సాయంత్రం పక్కింటి అమ్మాయి నోట్సు చూసి రాసుకునేదండి. మర్నాడు ప్రార్థన బెల్లు కొట్టకముందే రాని లెక్కలు పట్టుకొచ్చేది. నోటుబుక్ అంచుల మీద మిర్చి మరకలు ఉండేవి' అంది. లేఖకు కావలసింది అదే. మళ్లీ రాయిస్తే ఇలా వచ్చింది:

'తొమ్మిదో తరగతి ఫిబ్రవరిలో ఈ విద్యార్థిని 23 పనిదినాలకు 13 రోజులు హాజరైంది. మిగతా రోజులు తల్లితో కలిసి మిర్చి కల్లంలో పనిచేసింది. రాని రోజు చెప్పిన లెక్కలు స్నేహితురాలి నోట్సు చూసి చేసుకుని, అర్థం కానివి మర్నాడు ఉదయమే నా దగ్గరికి తెచ్చేది. తల్లితో మాట్లాడాక పదో తరగతిలో ఆదివారాలు మాత్రమే పనికి వెళ్లింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో 22 రోజులకు 21 రోజులు వచ్చింది. పబ్లిక్ పరీక్షల్లో 600కి 531 మార్కులు సాధించింది.'

వరుస గమనించండి: ముందు లోటు, వెంటనే కారణం, తర్వాత మీరు కళ్లారా చూసిన పని, చివర మార్పు. మార్పు ముందు చెప్పి లోటు చివర పెడితే చదివేవాళ్ల మనసులో లోటే మిగులుతుంది. 'చాలా', 'ఎంతో' లాంటివి ఒక్కటీ లేవు చూడండి, అయినా పిల్ల కనిపిస్తోంది.

'పేద కుటుంబము' ఎందుకు తీసేశామంటే, ఆదాయానికి తహసీల్దారు ఆఫీసు సర్టిఫికెట్ జతచేస్తారు, మనం అంకె చెప్పక్కర్లేదు. కల్లం పని చెబితే ఇంటి పరిస్థితి తెలిసిపోతుంది. నాన్న తాగుడు, ఇంట్లో అప్పులు లాంటివి పిల్ల నమ్మి చెప్పుకున్నవైతే అసలు రాయొద్దు. కల్లం సంగతి కూడా రాసేముందు, 'ఇది రాయనా అమ్మా?' అని అడగండి. కొందరు పిల్లలు వద్దంటారు. అప్పుడు 'కుటుంబ కారణాల వల్ల' అంటే చాలు, అంకెలు మాత్రం మార్చకండి.

వచ్చే పాఠానికి మీ పని: మీ తరగతిలో ఒకరి హాజరు పట్టీ తీసి, బాగా తగ్గిన నెల ఒకటి చూసి, ఆ నెల గురించి ఐదు వాక్యాలు రాయండి. కారణం తెలియకపోతే ఊహించొద్దు, పిల్లను పిలిచి అడగండి. నాలుగో పాఠంలో చివరి పేరా, సంతకం, బడి ముద్ర, తేదీ సంగతి చూద్దాం.