ఆఫీసు మెయిళ్లు, 4వ పాఠం: పెళ్లి సెలవు

పోయిన పాఠంలో మెయిల్ చిన్నగా ఉండాలన్నాను. మీరు పంపినవి నిజంగానే చిన్నగా ఉన్నాయి, కానీ ఉండాల్సినవే ఎగిరిపోయాయి. "సర్, నాకు పెళ్లి కుదిరింది. వచ్చే నెల మూడో వారంలో ఒక పది రోజులు సెలవు కావాలి" అని రాస్తే మేనేజర్ కంగ్రాట్స్ చెప్పి ఊరుకుంటారు. ఓకే చేద్దామన్నా అందులో తేదీ లేదు. తగ్గించమన్నది మర్యాద వాక్యాలను, తేదీలను కాదు.

లీవ్ పోర్టల్లో ఎక్కడ నొక్కాలో మీకు తెలుసు కాబట్టి అది వదిలేస్తున్నా. ఈసారి ఒకే ఒక్క సెలవును పూర్తిగా రాద్దాం. అమ్మాయి హైదరాబాద్‌లో ఒక పార్ట్‌నర్‌షిప్ సంస్థ అకౌంట్స్‌లో పని చేస్తోంది, పెళ్లి రాజమండ్రిలో. శుభలేఖలో ముహూర్తం ఇలా ఉంది: ఫిబ్రవరి 17 బుధవారం రాత్రి 2.47 గంటలకు, తెల్లవారితే గురువారం.

నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే ఉంది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఆఫీసు క్యాలెండర్‌లో అర్ధరాత్రి మారుతుంది. అంటే పోర్టల్ లెక్కలో ఈ పెళ్లి 18న. మెయిల్లో "17న పెళ్లి" అని రాస్తే మేనేజర్ 18 ఉదయం పదకొండుకు ఒక చిన్న కాల్ పెట్టుకోవచ్చులే అనుకుంటారు. ఆ టైముకు ఇక్కడ అప్పగింతలు. పోనీ "18న 2.47కి" అని రాశారా, మధ్యాహ్నం అనుకుని టీమ్ మొత్తం భోజనాల వేళకు దిగుతుంది, అప్పటికి పెళ్లి అయిపోయి పన్నెండు గంటలు. అందుకని ఇలా రాయండి: "ముహూర్తం 17 బుధవారం అర్ధరాత్రి దాటాక, అంటే 18 గురువారం తెల్లవారుజామున 2.47కి. ఈ రెండు రోజులూ నేను అందుబాటులో ఉండను." పొడుగైనా ఫర్వాలేదు.

ఇక సెలవు. 15 సోమవారం పెళ్లికూతురిని చేస్తారు, 19న అత్తగారింట్లో సత్యనారాయణ వ్రతం, 21న రిసెప్షన్, 22న తిరుగు ప్రయాణం. "15 సోమవారం నుంచి 22 సోమవారం వరకు, రెండు రోజులూ కలుపుకుని. 23 మంగళవారం ఉదయం ఆఫీసులో ఉంటాను." ఆ రెండో వాక్యం లేకపోతే 22న మీ కుర్చీ వైపు చూస్తారు. పని దినాలు ఆరు. మధ్యలో వచ్చే శని, ఆదివారాలను కూడా సెలవు కిందే లెక్కేసే కంపెనీలు ఉన్నాయి, అప్పుడు ఎనిమిది. హెచ్‌ఆర్‌ను ముందే అడిగి ఆ అంకె వేయండి. పదహారు రోజుల పండగకు మళ్లీ ఊరెళ్లాల్సి ఉంటే ఆ రోజు కూడా ఇప్పుడే చెప్పేయడం నా పద్ధతి.

పని అప్పగించడంలో "నా పనులు కొలీగ్ చూసుకుంటారు" అన్నది ప్లాన్ కాదు. ఆ ఎనిమిది రోజుల్లో గడువు ఉన్న పని ఏదో వెతకండి. ఈమెకు అది జీఎస్టీ: నెలవారీ 3బీ రిటర్న్‌కు గడువు 20. దానికి కావాల్సిన, మనకు అమ్మినవాళ్ల బిల్లులు చూపించే 2బీ స్టేట్‌మెంట్ జీఎస్టీ పోర్టల్లో 14న వస్తుంది, ఆమె 13నే రైలెక్కుతుంది. కాబట్టి కొనుగోళ్ల రిజిస్టర్‌ను 12 నాటికి సరిచేసి ఇస్తుంది. 15, 16 తేదీల్లో కొలీగ్ దాన్ని 2బీతో పోల్చి చూస్తారు, 18న మేనేజర్ ఓకే అంటే 19న ఫైల్ చేస్తారు. 20 దాకా ఆగితే పోర్టల్ మొరాయించినప్పుడు దిక్కుండదు. ఫైల్ చేసేటప్పుడు ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో కూడా చూసుకోవాలి. అది పెళ్లికూతురి నంబర్ అయితే ఈ ప్లాన్ మొత్తం వ్రతం పీటల మీద ఆగిపోతుంది. సంతకం అధికారం ఉన్న ఇంకొకరి పేరును వెళ్లే ముందే పోర్టల్లో చేర్పించాలి.

"అర్జెంటైతే కాల్ చేయండి" అని మాత్రం రాయకండి, అవతలివాళ్లకు అన్నీ అర్జెంటే. ఆ రోజుల్లో ఫోన్ ఏ పిన్ని హ్యాండ్‌బ్యాగులో ఉంటుందో మీకే తెలియదు. "15, 16, 19 తేదీల్లో సాయంత్రం 6 నుంచి 6.30 మధ్య వాట్సాప్ మెసేజ్ చూస్తాను. 17, 18న చూడను, ఆ రెండు రోజులు నిర్ణయం కొలీగ్‌దే" అనండి. తమ్ముడి నంబర్, నాన్నగారి నంబర్ ఇవ్వడం నాకు ఇష్టం లేదు. పందిట్లో ఆయనకు వంటవాళ్ల ఫోన్లే చాలు.

అభ్యాసం: ఇంట్లో ఉన్న ఏదైనా శుభలేఖ తీసుకుని, అది మీ పెళ్లే అనుకుని పది వాక్యాల్లో మెయిల్ రాయండి. తర్వాత, మీరు సీట్లో ఉండగానే, ఈ నెల గడువు పని ఒకటి మీ నోట్ మాత్రమే చూసి కొలీగ్ చేత చేయించండి. మధ్యలో ఆయన మిమ్మల్ని అడిగిన ప్రతి ప్రశ్ననూ ఆ నోట్‌లోకి ఎక్కించి, మెయిల్‌తో పాటు నాకు పంపండి.