రెండు భాషల్లో పెళ్లి స్పీచ్: పంచ్ ఒక్కసారే పడాలి

ఫ్రెండ్ పెళ్లి రిసెప్షన్లో మనవాళ్లకి తెలుగులో, అమ్మాయి తరఫు అమెరికా వాళ్లకి ఇంగ్లీషులో స్పీచ్ ఇవ్వాలంటే పెద్ద తలనొప్పి ఏంటంటే, జోక్ మొత్తం ఒక భాషలో చెప్పి మళ్లీ రెండోదాంట్లో చెప్తే సగం హాలు ముందే నవ్వేస్తుంది, మిగతా సగం మర్యాదకి నవ్వుతుంది.

అందుకే కథ వరకే రెండు భాషల్లో చెప్పండి, పంచ్ మాత్రం అందరికీ ఒకేసారి. దానికి మన అమ్మమ్మలు కూడా రోజూ వాడే ఇంగ్లీషు మాట కావాలి. పెళ్లికొడుకు ఎప్పుడూ లేటే అనుకోండి. "వీడి కోసం బస్టాండులో వెయిట్ చేస్తున్నా, ఫోన్ చేశా, వెనకాల షవర్ సౌండ్ వినిపిస్తోంది" అని తెలుగులో చెప్పి, వెంటనే అదే ఇంగ్లీషులో రెండు ముక్కల్లో చెప్పి, ఒక్క సెకను ఆగి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వాడి గొంతుతో "ఆన్ ద వే రా!" అనండి. 'రా' అర్థం కాకపోయినా ఏం పర్లేదు, ఫోన్ పట్టుకున్న తీరే చెప్పేస్తుంది.

ఇలాంటివి మూడు చాలు. టైము డబుల్ అవుతుంది కాబట్టి ఐదు నిమిషాల స్పీచ్‌కి రెండున్నర నిమిషాల మేటరే రాసుకోండి.

సినిమా డైలాగులు, ప్రాసలు, బావామరదళ్ల సరసాలు మాత్రం ఇలా పనిచెయ్యవు. వివరించాల్సి వచ్చిందంటే జోక్ చచ్చినట్టే, సంగీత్ రోజుకి దాచుకోండి.