యాప్ తీసేయాలా, లాగౌట్ కావాలా, ఖాతానే మూసివేయాలా? స్క్రోలింగ్‌తో విసిగినవారు ఎలా తేల్చుకోవాలి?

ఎడతెగని స్క్రోలింగ్‌తో విసిగిపోయినవారికి సాధారణంగా మూడు మార్గాలు తోస్తాయి: యాప్‌ను తొలగించడం, లాగౌట్ కావడం, ఖాతాను మూసివేయడం. వీటిని ఒకే మందుకు మూడు మోతాదులుగా భావించడం పొరపాటు. యాప్‌ను తొలగిస్తే ఫోన్‌లోని ప్రోగ్రామ్ మాత్రమే పోతుంది. మీ ప్రొఫైల్ అందరికీ ఎప్పటిలాగే కనిపిస్తుంది, మీకు సందేశాలు వస్తూనే ఉంటాయి. లాగౌట్ అయితే యాప్, ఖాతా రెండూ మిగిలే ఉంటాయి గానీ, మళ్లీ లోపలికి వెళ్లాలంటే పాస్‌వర్డ్ ఇవ్వవలసి వస్తుంది. ఖాతాను శాశ్వతంగా మూసివేస్తే సాధారణంగా మీ పోస్టులు, ఫొటోలు, పరిచయాల జాబితా అన్నీ పోతాయి. అందువల్ల ముందు తెలుసుకోవలసింది, మీరు ఫీడ్‌లోకి ఏ దారిలో వెళ్తున్నారన్నది.

1. ఏ దారిలో వెళ్తున్నారో చూసుకోండి

ఈ వివరం ఫోనే చెబుతుంది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని 'Digital Wellbeing' విభాగం, రోజులో ఏ యాప్‌ను ఎన్నిసార్లు తెరిచారో, దాని నుంచి ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో చూపిస్తుంది. ఐఫోన్‌లో 'Screen Time' తెరిస్తే, ఫోన్ చేతిలోకి తీసుకోగానే మొదట ఏ యాప్‌ను వాడారో కూడా కనిపిస్తుంది. నోటిఫికేషన్లు ఎక్కువగా ఉండి, అవి వచ్చినప్పుడే యాప్ తెరుస్తున్నట్లయితే, ముందుగా వాటిని ఆపి చూడడం మంచిది. ఒక్కోసారి అంతకు మించి ఏమీ చేయనవసరం రాదు. నోటిఫికేషన్లు లేకపోయినా చేయి ఆ ఐకాన్ మీదికే పోతున్నట్లయితే అది అలవాటు. అలవాటును ఆపడానికి ఖాతాను మూసివేయవలసిన పని లేదు, దారిలో ఒక అడ్డు ఉంటే చాలు.

2. ముందు లాగౌట్, తరువాతే తొలగింపు

చాలామంది విఫలమయ్యేది ఈ క్రమం దగ్గరే. విసుగు పుట్టగానే యాప్‌ను తీసేస్తారు, రెండు రోజుల తరువాత మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, పాస్‌వర్డ్ అడగకుండానే ఫీడ్ తెరుచుకుంటుంది. ముఖ్యంగా ఐఫోన్‌లో, యాప్‌ను తొలగించినా దాని లాగిన్ వివరాలు ఫోన్‌లో భద్రంగా మిగిలిపోవచ్చు. అందువల్ల ముందుగా మీ పాస్‌వర్డ్ మీకు తెలుసో లేదో, ఖాతాకు జతచేసిన ఈమెయిల్, ఫోన్ నంబర్ ఇప్పటికీ మీ వాడుకలో ఉన్నాయో లేదో నిర్ధారించుకోండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్నవారు బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఇవి లేకుండా లాగౌట్ అయితే, అవసరం పడిన రోజున మీ ఖాతాలోకి మీరే వెళ్లలేకపోవచ్చు.

ఆ తరువాత యాప్ నుంచి, బ్రౌజర్ నుంచి కూడా లాగౌట్ కండి. లాగౌట్ అయ్యాక తెరపై మీ ఫొటో, పేరు ఇంకా కనిపిస్తూ ఉంటే, ఒక్క తాకిడితో మళ్లీ లోపలికి వెళ్లే సౌకర్యం మిగిలే ఉందని అర్థం. అక్కడ సేవ్ అయిన ప్రొఫైల్‌ను తీసేయండి. బ్రౌజర్‌లోనూ, ఫోన్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోనూ దాచిన పాస్‌వర్డ్‌ను కూడా తొలగించి, దానిని ఒక కాగితం మీద రాసి ఫోన్‌కు దూరంగా ఉంచండి. లాగౌట్ పనిచేసేది పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టవలసి వచ్చినప్పుడే. అది దానంతటదే నిండిపోతుంటే లాగౌట్ అయినా కానట్లే.

ఇప్పుడు యాప్‌ను తొలగించండి. ఇక్కడ కూడా ఒక చిన్న తేడా ఉంది. ఐఫోన్‌లో 'Remove from Home Screen' ఎంచుకుంటే ఐకాన్ మాత్రమే కనుమరుగవుతుంది, యాప్ ఫోన్‌లోనే ఉంటుంది. మీకు కావలసింది 'Delete App'. ఆండ్రాయిడ్‌లో 'Remove' కాకుండా 'Uninstall' ఎంచుకోవాలి. ఫోన్‌తోపాటు వచ్చిన యాప్ అయితే కొన్నిసార్లు 'Disable' మాత్రమే కనిపిస్తుంది, అది చాలు. డబ్బు కట్టే చందా ఏదైనా ఉంటే దానిని విడిగా రద్దు చేసుకోవాలి, యాప్ తొలగించినంత మాత్రాన అది ఆగదు.

3. ఖాతా దేనికి పనికివస్తోందో లెక్కించండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక తల్లి రోజూ రాత్రి ఫేస్‌బుక్‌లో వీడియోలు చూస్తూ నిద్ర పోగొట్టుకుంటోంది, ఇక ఖాతానే మూసివేయాలని నిశ్చయించుకుంది. అయితే పిల్లల తరగతికి చెందిన తల్లిదండ్రుల గ్రూపు అందులోనే ఉంది, బంధువులు మెసెంజర్‌లో మాట్లాడుతారు, ఒక వ్యాయామ యాప్‌లోకి ఆమె ఫేస్‌బుక్ ఖాతాతోనే లాగిన్ అవుతుంది. ఖాతా మూసివేస్తే ఈ మూడూ ఒకేసారి తెగిపోతాయి. ఆమె సమస్య వీడియోలే కాబట్టి, ఫోన్ నుంచి లాగౌట్ అయి, యాప్ తొలగించి, గ్రూపును మాత్రం వారానికి రెండుసార్లు కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టి చూసి, చూడగానే లాగౌట్ అయితే సరిపోతుంది. మెసెంజర్ వేరే యాప్ కాబట్టి దానిని ఉంచుకోవచ్చు.

ఈ ఏర్పాటును కొన్ని వారాలు గమనించాలి. చేయి బ్రౌజర్‌లోకి వెళ్లి చిరునామా కొట్టడం మొదలుపెట్టినా, వేరొక యాప్‌లో అదే తీరున స్క్రోలింగ్ సాగినా, ఖాతాను మూసివేయడం వల్ల కూడా పెద్ద ప్రయోజనం ఉండదని గ్రహించాలి. అలాగాక, ఎవరు ఏమి అన్నారో, తన పోస్టుకు ఎన్ని లైకులు వచ్చాయో అన్న ఆలోచనే మనసును లాగుతున్నట్లయితే, అప్పుడు ఖాతాయే సమస్య. మూసివేతను ఆలోచించవలసింది ఆ స్థితిలోనే అని నా అభిప్రాయం.

4. మూసివేయాలనే నిర్ణయానికి వస్తే

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటిలోనూ 'Accounts Center'లో 'Personal details', అక్కడ 'Account ownership and control', దాని కింద 'Deactivation or deletion' అనే వరుసలో వెళ్లాలి. అక్కడ కనిపించే రెండు ఎంపికలలో డీయాక్టివేషన్ తాత్కాలికం: ప్రొఫైల్ ఇతరులకు కనిపించదు గానీ, మీరు లాగిన్ అయిన క్షణంలో తిరిగి వస్తుంది. ఇతరుల కంటపడకుండా కొంతకాలం ఉండాలనుకునేవారికి ఇది తగినది. స్క్రోలింగ్ ఆపాలనుకునేవారికి మాత్రం ఇది లాగౌట్‌కు మించి అడ్డు కాదు. ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేసినా మెసెంజర్‌ను వాడుకోవచ్చు.

శాశ్వతంగా తొలగించేముందు మీ సమాచారం కాపీని డౌన్‌లోడ్ చేసుకోండి. పెద్ద ఖాతా అయితే ఆ ఫైల్ సిద్ధం కావడానికి సమయం పడుతుంది, వచ్చిన లింకుకు గడువు ఉంటుంది కాబట్టి, ఫైల్ మీ దగ్గరికి చేరి, తెరుచుకుంటోందని చూసుకున్నాకే ముందుకు వెళ్లాలి. మీరొక్కరే నిర్వహిస్తున్న ఫేస్‌బుక్ పేజీ ఉంటే, మరొకరికి పూర్తి అధికారం ఇవ్వకపోతే అది కూడా పోతుంది. ఫేస్‌బుక్‌తో లాగిన్ అయ్యే ఇతర యాప్‌లకు ముందే ఈమెయిల్, పాస్‌వర్డ్ ఏర్పాటు చేసుకోవాలి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింటిలోనూ తొలగింపు కోరిన తరువాత 30 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల మనసు మారితే లాగిన్ అయి అభ్యర్థనను రద్దు చేసుకోవచ్చు. సర్వర్ల నుంచి సమాచారం పూర్తిగా తొలగడానికి 90 రోజుల వరకు పట్టవచ్చు. ఎక్స్‌లో కూడా గడువు 30 రోజులే. రెడిట్‌లో పద్ధతి వేరు: ఖాతా పోయినా మీరు రాసిన పోస్టులు పేరు లేకుండా అక్కడే మిగిలిపోతాయి కాబట్టి, అవి వద్దనుకుంటే ముందుగానే మీరే తొలగించాలి. ఇతరులకు మీరు పంపిన సందేశాలు సాధారణంగా వారి దగ్గర ఉండిపోతాయి.

ఆ 30 రోజులూ ఖాతా పోయిందో లేదో చూద్దామని లాగిన్ కాకండి. చూడవలసి వస్తే, లాగిన్ లేని బ్రౌజర్‌లో మీ ప్రొఫైల్ లింకును తెరిచి చూడండి, లేదా ఒక స్నేహితుణ్ని మీ పేరుతో వెతకమని అడగండి.