ఆడదూడ పుట్టడం ఒకటి, మంచి దూడ పుట్టడం ఒకటి: మూడు తరాల్లో మందను మార్చుకునే పద్ధతి

ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన ఆంబోతు వీర్యాన్ని, అంటే సెక్స్‌డ్ సెమెన్‌ని, "ఆడదూడ సూది" అందాం. పేరులోనే ఉంది, అది ఆడదూడను ఇస్తుంది. ఆ దూడ పెద్దయ్యాక ఎన్ని లీటర్లు ఇస్తుందో మాత్రం ఆ సూది చెప్పదు. అది వీర్యం ఏ ఆంబోతుదన్న దానిమీద, ఏ ఆవుకు వేశామన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. వీర్యం నింపిన ఖరీదైన స్ట్రా కదా, పాలు వాటంతటవే పెరుగుతాయనుకుంటారు.

చేవెళ్ల వైపు ఒక డెయిరీ ఉందనుకుందాం. ఏడు పాలిచ్చే హోల్‌స్టీన్ ఫ్రీజియన్, అంటే హెచ్ఎఫ్ సంకర ఆవులు, ఎదకు వస్తున్న మూడు పడ్డలు. ఈతకు సగటున 3,000 లీటర్లు.

ముందు లెక్క రాయండి

నెలకో రోజు ప్రతి ఆవు పాలు ఉదయం, సాయంత్రం విడిగా కొలిచి రాయాలి. ఆ రోజు పాలను ముప్పైతో గుణిస్తే ఆ నెల పాలు వస్తాయి. పది నెలలు కూడితే ఈత మొత్తం తెలుస్తుంది. ఈనిన కొత్తలో పద్దెనిమిది లీటర్లు ఇచ్చి ఆరో నెలకే ఎండిపోయే ఆవు కన్నా, పదమూడు లీటర్లతో పది నెలలు నిలకడగా ఇచ్చేదే మేలు. నోటి లెక్కలో ఈ తేడా దొరకదు. ప్రతి పేజీ మీద చెవి ట్యాగు పన్నెండు అంకెల నంబరు, తల్లి నంబరు, తండ్రి ఆంబోతు నంబరు ఉండాలి.

ఆడదూడ సూది ఎవరికి వేయాలి?

ఆడదూడనిచ్చే వీర్యకణంలో మగదూడనిచ్చే కణంలో కన్నా డీఎన్‌ఏ సుమారు 4 శాతం ఎక్కువ. ఆ తేడాను యంత్రంతో పట్టుకుని కణాలను వేరు చేస్తారు. అందుకే పదిలో తొమ్మిది ఆడదూడలే వస్తాయి. అయితే ఆ ప్రక్రియలో కణాలు నలుగుతాయి. మామూలు స్ట్రాలో సుమారు రెండు కోట్ల కణాలుంటే, ఇందులో ఇరవై లక్షల దాకానే ఉంటాయి. కాబట్టి చూడి కట్టే అవకాశం కొంత తక్కువ.

అందుకని మొదటి వరస పడ్డలది. గర్భసంచి ఆరోగ్యంగా ఉంటుంది, పాల ఒత్తిడి ఉండదు. రెండో వరస, లెక్కలో పైనున్న ఒకటి రెండు ఆవులది. మాయ నిలిచిపోయిన ఆవు, తీగ తెల్లగా చిక్కగా వేసే ఆవు, రెండు మూడుసార్లు సూది వేసినా చూడి కట్టని ఆవు, వీటికి ఈ స్ట్రా వేయడం డబ్బు దండగ.

మన డెయిరీలో మూడు పడ్డలు, రెండు మంచి ఆవులు, మొత్తం ఐదు. ఒక్కో సూదికి వందలో ముప్పై ఐదు చూడి కడతాయనుకుంటే, రెండు ఎదల్లో ఐదింటిలో సుమారు మూడు కడతాయి. అందులో రెండు మూడు ఆడదూడలు వస్తాయి. మామూలు స్ట్రాతో వందకు నలభై రెండు కట్టినా, రెండు ఎదల్లో ఒకటో రెండో ఆడదూడలే. తేడా చిన్నగా కనిపిస్తుంది కానీ, ఇవన్నీ మంచి తల్లుల దూడలు. మిగతా ఆవులకు మామూలు స్ట్రా చాలు. రెండు ఎదలు పోతే ఆ ఐదింటిలో చూడి కట్టనివాటికి మామూలుదే వేయించాలి, ఆశతో మూడోది వద్దు.

ఆంబోతును ఎలా చూడాలి?

స్ట్రా మీద ఆంబోతు నంబరు, జాతి అచ్చు వేసి ఉంటాయి. వేయించే ముందు ఆ నంబరు చదివి రాసుకోండి. అచ్చు చెరిగిపోయిన స్ట్రా వద్దు. తర్వాత ఊళ్లో సూది వేసే గోపాలమిత్రను గానీ, పశువైద్యుడిని గానీ ఆ ఆంబోతు సంతాన విలువ, దాని నమ్మకం శాతం అడగండి. "తల్లి ఆరు వేల లీటర్లిచ్చింది" అన్న మాట ఒక్కటీ సరిపోదు. ఆ తల్లి ఏ మేపులో ఇచ్చిందో మనకు తెలియదు. కూతుళ్ల పాలు కొలిచి తేల్చిన విలువ గట్టిది. జీనోమ్ పరీక్షతో వచ్చిన విలువ దాని తర్వాత.

సంతాన విలువ +600 లీటర్లు అంటే, అందులో సగం, అంటే 300, సగటున కూతురికి వస్తుంది. (విదేశీ జాబితాల్లో కొన్నిచోట్ల ముందే సగం చేసిన అంకె ఇస్తారు, అదేదో అడిగి తెలుసుకోండి.) ఇప్పుడు మూడు తరాలు చూద్దాం. మన ఆవుల విలువను సున్నాగా తీసుకుందాం.

ప్రతి తరానికీ +600 స్థాయి ఆంబోతునే వాడితే కూతుళ్లు 300, మనవరాళ్లు 450, మునిమనవరాళ్లు 525. పెరుగుదల ప్రతిసారీ సగమైపోతుంది, 600 దాటదు. అదే మొదట +600, తర్వాత +900, ఆపై +1,200 ఆంబోతుల్ని వాడితే 300, 600, 900. అంటే 3,000 లీటర్ల మంద 3,300, 3,600, 3,900 అవుతుంది, మేపు కూడా దానికి తగ్గట్టు ఉంటే. కాబట్టి పోయినసారి బాగా పనిచేసిందని అదే స్థాయి ఆంబోతు దగ్గర ఆగిపోకూడదు.

కాలం లెక్క కూడా ఉంది. 2026 జనవరిలో సూది వేయిస్తే దూడ అక్టోబరులో పుడుతుంది. పదహారు, పద్దెనిమిది నెలలకు దానికి సూది పడితే 2028 చివర్లోనో 2029 మొదట్లోనో ఈనుతుంది. మునిమనవరాలి పాలు 2033కి గానీ చూడలేం.

లీటర్ల ఆశలో ఒక జాగ్రత్త. సగం హెచ్ఎఫ్ రక్తమున్న ఆవుకు స్వచ్ఛమైన హెచ్ఎఫ్ వేస్తే దూడలో 75 శాతం, దానికీ అదే వేస్తే 87.5 శాతం. మే నెల ఎండలో అలాంటి ఆవులు నోరు తెరిచి ఒగరుస్తాయి, పాలు తగ్గుతాయి, ఎదకు రావు. ఫ్యాన్లు, నీటి తుంపర్లు లేని కొట్టమైతే రెండో తరం నుంచి సంకర హెచ్ఎఫ్ ఆంబోతునే ఎంచుకోవడం నయం. పడ్డలకైతే ఈత సులువుగా సాగించే ఆంబోతునే అడగాలి.

సూది వేసే గంట

అంతా సరిగ్గా ఎంచుకున్నా ఇక్కడ పోతుంది. మామూలు వీర్యానికి ఉదయం ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రం వస్తే మర్నాడు ఉదయం అన్నది పాత లెక్క. ఆడదూడ వీర్యం గర్భంలో తక్కువసేపు బతుకుతుంది, అండం విడుదలకు దగ్గరగా వేయాలి. ఎక్కించుకుని కదలకుండా నిలబడ్డ సమయం నుంచి పద్దెనిమిది గంటలకు అటూ ఇటూ మంచిది. ఉదయం ఆరింటికి నిలబడితే అర్ధరాత్రి కావాలి. ఎవరూ రారు కదా! ఆ రాత్రి వీలైనంత ఆలస్యంగా గానీ, మర్నాడు తెల్లవారే గానీ వచ్చేలా ముందే మాట్లాడుకోవాలి. ఎద ఎప్పుడు మొదలైందో తెలియాలంటే రోజుకు మూడుసార్లు, ముఖ్యంగా తెల్లవారుజామున, కొట్టంలో నిలబడి చూడాల్సిందే.

స్ట్రా తీసేటప్పుడు దగ్గరుండండి. నత్రజని డబ్బా లోంచి తీసిన వెంటనే 35–37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషానికి పైగా ఉంచి, పొడిగా తుడిచి, గన్‌లో పెట్టి వెంటనే వేయాలి. అరచేతుల్లో రుద్ది కరిగించడం, జేబులో వేసుకోవడం, తడి తుడవకుండా కత్తిరించడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ సూది మీద ఆశ వదులుకోవచ్చు.

ఇరవై ఒక్క రోజులకు అటూ ఇటూ మళ్లీ ఎదకొస్తుందేమో చూడాలి. రాకపోయినా అరవై రోజులకు చూడి పరీక్ష తప్పదు.

రెండో తరం మొదలయ్యేటప్పుడు

పుట్టిన పెయ్యదూడ తండ్రి నంబరు పుస్తకంలో ఉంటుంది. దానికి సూది వేయించేటప్పుడు ఆ నంబరు స్ట్రా పనికిరాదు, ఎంత మంచి ఆంబోతైనా సరే. తండ్రీ కూతుళ్ల జతలో దూడలో రక్తసంబంధం వాటా 25 శాతం, తాత మనవరాలి జతలో 12.5 శాతం. చూడి కట్టకపోవడం, బలహీనమైన దూడలు అక్కడి నుంచే మొదలవుతాయి. అందుకే ప్రతిసారీ కనీసం ఇద్దరు వేర్వేరు ఆంబోతుల స్ట్రాలు వాడుతూ, ప్రతి పడ్డ పేజీ మీద తండ్రి, అమ్మ వైపు తాత నంబర్లను ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకోండి. సూది వేసే మనిషి రాగానే ముందు ఆ పేజీ చేతికివ్వండి.