వెండర్ లిస్టులో డూప్లికేట్లు పట్టే చిట్కా

మా పర్చేజ్ క్లర్క్ ఒకావిడ ఒకే బిల్లుకు రెండోసారి పేమెంట్ వెళ్లబోతుంటే ఆపింది. సప్లయర్ ఒక్కరే, పేరు రెండు రకాలుగా రాసి రెండు కోడ్‌లు తెరిచారు. మా సిస్టమ్ బిల్లు నంబరును ఒక్కో కోడ్‌లోనే పోల్చి చూస్తుంది, అందుకే పట్టుకోలేదు.

ఆవిడ పేర్ల జోలికి పోలేదు. జీఎస్‌టీ నంబరులో 3వ అక్షరం నుంచి 10 అక్షరాలు పాన్ కదా, అదే తీసింది:

```
=MID(B2,3,10)
```

ఆ కాలమ్ సార్ట్ చేస్తే జంటలు పక్కపక్కనే కనిపించాయి. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు ఒకదానికి 36, ఇంకోదానికి 37 ఉంటే తెలంగాణ, ఆంధ్ర బ్రాంచీలు కావచ్చని వాటిని కదపలేదు. మిగతా జంటల్లో అదనంగా ఉన్న కోడ్‌లను డిలీట్ చేయకుండా బ్లాక్ చేయించింది, పాత బిల్లులు వాటి మీదే ఉంటాయి మరి. అకౌంట్స్ వాళ్లు మొదట్లో విసుక్కున్నారు. ఇప్పుడు పాన్ వెతకందే కొత్త కోడ్ వాళ్లే ఇవ్వడం లేదు.