ఏసీ ఒకరిది, బిల్లు ముగ్గురిది: సమస్య - పరిష్కారం

సమస్య

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక డబుల్ బెడ్‌రూమ్ పోర్షన్ అనుకుందాం. పెద్ద గదిలో ఒకరు, చిన్న గదిలో ఇద్దరు. మార్చి దాకా కరెంటు బిల్లు తలా నూట ముప్పై చిల్లర వచ్చేది, ఎవరూ నోరెత్తలేదు. మేలో పెద్ద గదికి ఏసీ పెట్టారు. మీటరు 330 యూనిట్లు తిరిగింది, ఎనర్జీ చార్జీలే 1,936 రూపాయలు. తలా 645. "ఫ్యాను కింద పడుకునే మాకెందుకన్నా ఇంత?" అని చిన్న గది నుంచి ప్రశ్న.

కారణం

మన దగ్గర ఇళ్ల కరెంటుకి యూనిట్ ధర ఒకటి కాదు. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75 రూపాయలు. ఏసీ యూనిట్లు పైన వచ్చి చేరేవి కాబట్టి ఖరీదైన స్లాబుల్లో పడతాయి.

పరిష్కారం

ఎలక్ట్రీషియన్‌తో ఏసీ లైనుకి విడిగా ఒక సబ్ మీటరు పెట్టించండి. రీడింగ్ తీసేవాళ్లు వచ్చిన రోజే దాన్నీ ఫొటో తీసుకోవాలి. వాళ్లు ఎనిమిదిన వస్తే మీరు ఒకటిన చూసుకుంటే లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇక్కడ సబ్ మీటరు 210 చూపించిందనుకోండి. మిగిలింది 120. ఆ 120కే స్లాబుల ప్రకారం బిల్లు కడితే 394.50; అది ముగ్గురికీ సమానంగా, తలా 131.50. మిగతా 1,541.25 ఏసీ వాడినవాళ్లదే. పెద్ద గది వాటా మొత్తం 1,673 అవుతుంది. చాలామంది మొత్తం బిల్లుని 330తో భాగించి సగటు ధర కడతారు. అలా చేస్తే ఏసీ భాగం 1,232కి తగ్గి, ఆ మూడొందల పైచిలుకు ముగ్గురి మీదా పడుతుంది. రెండు గదుల్లోనూ ఏసీలుంటే మాత్రం ఆ పై మొత్తాన్ని సబ్ మీటర్ల యూనిట్ల నిష్పత్తిలో పంచుకోవాలి. ఎవరి ఏసీ ముందు వచ్చిందన్న వాదన అక్కర్లేదు.

ఫిక్స్‌డ్ చార్జీలు తలలెక్కన వేసుకోండి. సర్దుబాటు చార్జీలు పాత వాడకం మీద వేసేవి, వాటిని ఈ నెల యూనిట్లతో పంచకూడదు. గది సైజు అద్దెలో చూసుకోవాల్సిన సంగతి, బిల్లులోకి తేకండి.

నీళ్ల సంగతి

నీళ్ల బిల్లు, ట్యాంకరు, క్యాన్లు అన్నీ తలలెక్కనే. వారం పైగా ఉండిపోయిన చుట్టాన్ని కూడా ఒక తల కింద లెక్కేయాలని నా అభిప్రాయం.

లెక్కకు అందని యూనిట్లు ఉంటే

పోర్షన్‌లో అన్నీ ఆపి, మెయిన్ స్విచ్ మాత్రం వేసే ఉంచి, మీటరు మీద ఎర్ర లైటు చూడండి. పది నిమిషాలయ్యాక కూడా మిణుకుతూనే ఉంటే మెట్ల లైట్లో, ఓనరు మోటారో మీ లైనుకి కలిసి ఉండొచ్చు. ఒక హెచ్‌పీ మోటారు గంటకి ముప్పావు యూనిట్ పైనే లాగుతుంది. రోజూ రెండు గంటలు నడిస్తే నెలకి 45 యూనిట్లు దాటుతుంది. ఆ లెక్క ఓనరుతో తేల్చుకునేది.