కలలో కనబడిన ఒక్క దృశ్యం నుంచి కథ ఎలా అల్లాలి?

విడవలూరు వైపు ఒక రొయ్యల గుంట. అర్ధరాత్రి. నీళ్లను చిలికే ఏరియేటర్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. గట్టు మీద ఒక పెద్దావిడ టార్చిలైటు వేసుకుని కూర్చుంది. వెలుతురు నీళ్ల మీద లేదు, రోడ్డు మీద ఉంది.

ఇది కల్లో వచ్చిందనుకోండి. లేదా రాత్రి బస్సు కిటికీలోంచి అర నిమిషం కనబడిందనుకోండి. మన చేతిలో ఉన్నది ఇంతే. దీన్నుంచి కథకు సరిపడా ముడిసరుకు రాబట్టాలంటే కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి, వాటిని ఒక వరసలో వేసుకోవాలి. ఈ గుంట గట్టునే ఉదాహరణగా పెట్టుకుని చివరిదాకా వెళ్దాం.

ముందు చూసింది చూసినట్టు రాయండి

కల అయితే లేవగానే రాసుకోవాలి, కాఫీ తాగి వచ్చేసరికి సగం పోతుంది. కనబడినవి మాత్రమే రాయండి. "ఆమె బాధగా కూర్చుంది" అని రాస్తే అది మీరు చెప్పిన అర్థం. "టార్చి రోడ్డు వైపు ఉంది" అన్నది మీరు చూసింది. కల్లో నీళ్లొస్తే ఏమవుతుంది, చీకటొస్తే ఏమవుతుంది అని ఫలితాలు వెతకడం కూడా ఇక్కడ పనికిరాదు. అర్థం దొరికిందంటే కుతూహలం తీరిపోతుంది, ఇక ప్రశ్నలు పుట్టవు.

ఇందులో పొసగనిది ఏది?

మొదటి ప్రశ్న ఇదే. దీనికి జవాబు చెప్పాలంటే ఆ చోటు గురించి కొంత తెలియాలి. గుంటలో ఏరియేటర్లు తిరిగితేనే నీళ్లలో ఆక్సిజన్ నిలుస్తుంది. రాత్రిపూట అవి ఆగిపోతే గంటగంటకూ తగ్గిపోతుంది. రొయ్యలు పైకి తేలతాయి, గట్ల దగ్గరకు చేరతాయి. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది కాబట్టి అప్పటికల్లా గుంట మొత్తం పోవచ్చు. ఈ సంగతి తెలిసిన ఎవరైనా టార్చి నీళ్ల మీద వేసి చూస్తారు. ఈవిడ రోడ్డు చూస్తోంది. పొసగనిది అదే. ఇక మన ప్రశ్నలన్నీ అక్కడే తవ్వాలి.

మీకు వచ్చిన దృశ్యంలో మనిషే లేకపోవచ్చు. చీమకుర్తి గ్రానైట్ క్వారీ అడుగున నిలిచిన నీళ్లలో పెళ్లికుర్చీ ఒకటి తేలుతోందనుకోండి. అప్పుడు "దాన్ని అక్కడినుంచి తీయాల్సిన అవసరం ఎవరికుంది?" అని అడిగితే మనిషి దొరుకుతాడు. "ఎవరు పడేశారు?" అని అడిగితే జరిగిపోయిన కథ దొరుకుతుంది. మనకు ఇంకా జరగనిది కావాలి.

మూడు జవాబులు రాయండి

ఆమె రోడ్డు ఎందుకు చూస్తోంది? కరెంటు పోయింది, లైన్‌మాన్ కోసం చూస్తోంది. ఇది మొదట తట్టే జవాబు, ఎవరికైనా తడుతుంది. జనరేటర్ పాడైంది, మెకానిక్ కోసం చూస్తోంది. రెండోది కూడా దాదాపు అదే. ఏరియేటర్ల స్టార్టర్ ఆపింది ఆమే, ఎవరైనా వస్తారేమోనని చూస్తోంది. ఇది రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది. మొదటి రెండింటిలో ఆమెకు చేయడానికేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. మూడో దాంట్లో ఆమె ఒక పని చేసింది, ఇంకో పని చేయాల్సి వస్తుంది.

జవాబు మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను నమ్మే కొలత ఒక్కటే. ఆ జవాబు వల్ల ఆ మనిషికి వచ్చే గంట ఇంకా కష్టమైందా? అయితే అది ఉంచుకోదగ్గది. ఆమె గురించి మనకు ఇంకో సమాచారం తెలిసిందంతేనా? అయితే పక్కన పెట్టండి.

ఎవరికి ఎక్కువ నష్టం?

ఆమె ఎందుకు ఆపింది? గుంటల ఉప్పు ఊరి, పక్కనున్న ఆమె అరెకరం చేలోకి దిగింది. బావి నీళ్లు నోట పెట్టుకోలేనంత ఉప్పగా మారాయి. ఇది నిజంగానే కోస్తాలో జరిగేదే. కానీ గుంట యజమాని ఎవరో డబ్బున్న పెద్దమనిషి అయితే ఇది పగ తీర్చుకోవడం అవుతుంది, పాఠకుడు రెండో పేజీలోనే ఆమె పక్షాన చేరిపోతాడు. ఇక లాగడానికేం ఉండదు.

అందుకే నష్టాన్ని ఆమెకు దగ్గరగా తీసుకురండి. గుంట లీజుకు తీసుకున్నది ఆమె అల్లుడు. మేత అప్పు మీద తెచ్చాడు. రేపు పొద్దున్నే పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం. పంట చేతికొస్తే పక్కనున్న ఆమె అరెకరం కూడా గుంటలో కలిపేస్తాడు. పంట పోతే అప్పు కూతురి నెత్తిన పడుతుంది. ఎటు చూసినా నష్టమే. ఇంతకుముందు పగగా ఉన్నది ఇప్పుడు తేల్చుకోలేని సమస్య అయింది.

అల్లుడి మాటలో కూడా బలం ఉండాలి. "మీ కంటి ఆపరేషనుకు డబ్బు ఈ గుంటలోంచే గదత్తా వచ్చింది" అని అతనంటే ఆమె దగ్గర జవాబు ఉండకూడదు. ఎదుటివాడు చెప్పేది మీకే కొంత సబబుగా అనిపించకపోతే, అతన్ని ఇంకా సరిగా తయారుచేయలేదన్న మాట.

ఈ రాత్రే ఎందుకు, ఎప్పటిదాకా?

చాలా కథలు ఇక్కడ జారిపోతాయి. పట్టుబడి రేపు కాబట్టి ఈ రాత్రి. ఆక్సిజన్ తెల్లవారేసరికి అడుగంటుతుంది కాబట్టి అప్పటిదాకానే గడువు. ఆ గడువు రచయిత అతికించింది కాదు, నీళ్లలోంచే పుట్టింది. పైగా ఆమె ఎప్పుడైనా లేచి స్టార్టర్ నొక్కవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ బతికేవి తగ్గుతాయి. కొనుగోలుదారుతో మాట్లాడటానికి నెల్లూరు వెళ్లిన అల్లుడు ఈలోగా బండి మీద తిరిగి రావచ్చు. రోడ్డు మీద టార్చి ఎందుకుందో ఇప్పుడు తెలిసింది.

ఎక్కడ చెడుతుంది?

"ఎందుకు, ఎందుకు" అని అడుగుతూ పోతే ఆమె చిన్నతనం దాకా వెళ్లిపోతాం. నోటుబుక్కు నిండుతుంది, కథ మాత్రం గట్టు మీదే కూర్చుని ఉంటుంది. మీరు రాసుకున్న జవాబులు ఒకసారి చదవండి. వరసగా "పెళ్లయింది, భర్త పోయాడు, పొలం పోయింది" అని జరిగిపోయినవే ఉంటే ఆగండి. అక్కడినుంచి ప్రతి "ఎందుకు"కీ ఒక "ఇప్పుడేం చేస్తుంది" జోడించండి.

కొన్ని దృశ్యాలు ఎంత అడిగినా కదలవు. ఎవరూ ఏమీ చేయకపోయినా ఏమీ మారని దృశ్యం అయితే అది కవితకో, ఇంకో కథలో ఒక పేరాకో పనికొస్తుంది. దాచుకోండి.

రెండు వాక్యాల్లో పెట్టండి

ఇప్పుడు కుదించి రాయాలి. "అల్లుడి రొయ్యల గుంటకు కాపలా ఉండే పెద్దావిడ, తన చివరి అరెకరం మిగుల్చుకోవడానికి పట్టుబడికి ముందు రాత్రి ఏరియేటర్లు ఆపేస్తుంది. తెల్లవారేలోగా వాటిని మళ్లీ తిప్పకపోతే కూతురి సంసారం అప్పుల్లో మునుగుతుంది, తిప్పితే తన నేల పోతుంది."

దీన్ని రెండు రకాలుగా పరీక్షించండి. కథను ఊరు మార్చి ఏ బెజవాడ అపార్టుమెంటులోనో పెట్టి చూడండి. ఏమీ చెడకుండా కుదిరిపోతే ఆ చోటుతో మీరు పని చేయించుకోలేదు. ఇక్కడ గుంట తీసేస్తే గడువే పోతుంది కాబట్టి ఇది నిలిచింది. తర్వాత ముగింపు చెప్పకుండా ఈ రెండు వాక్యాలు ఒకరికి వినిపించండి. "అయితే ఏం చేసింది?" అని అడగకుండా "బాగుంది" అంటే నష్టం దగ్గరి ప్రశ్నకు తిరిగి వెళ్లండి.

చివరగా, మొదట చూసిన దృశ్యం కథలో ఎక్కడ రావాలో తేల్చుకోండి. కల్లో ముందు కనబడింది కాబట్టి మొదటి పేరాలోనే ఉండాలని లేదు. ఈ కథను నేనైతే సాయంత్రం కూతురు అన్నం క్యారియర్ తెచ్చి, రేపటి డబ్బుతో ఏమేం తీర్చాలో లెక్క చెప్పే దగ్గర మొదలుపెడతాను. స్టార్టర్ ఆపడం ఆ తర్వాత వస్తుంది, టార్చి ఇంకా తర్వాత.